కడుపుతో ఉన్నప్పుడు ప్యాకెట్ వెనక ఏం చదవాలి, ఎలా చదవాలి

కిందటి వేసవిలో మా చెల్లి ఐదో నెలలో ఉండగా ఇద్దరం కలిసి నెల సరుకులకి వెళ్లాం. తను బుట్టలో మయొనైజ్ సీసా ఒకటి, చీజ్ డబ్బా ఒకటి, ఎర్రరంగు డ్రింక్ క్యాన్ ఒకటి వేసుకుంది. నీరసంగా ఉంటే చల్లగా తాగొచ్చని ఆ క్యాన్ తీసుకుందట. "ఇవి ఇప్పుడు తినొచ్చా అక్కా?" అని అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. ఫోన్ కెమెరాతో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ ఒక్కొక్కటీ చదువుతూ అరగంట అక్కడే నిలబడ్డాం. చివరికి మూడింటిలో రెండు మళ్లీ షెల్ఫ్‌లోకి వెళ్లాయి, ఒకటి ఇంటికొచ్చింది. ఆ తర్వాత మిగిలిన నెలలన్నీ ఇదే పద్ధతి పాటించాం. అలవాటైతే ఒక్కో ప్యాకెట్‌కి నిమిషం కూడా పట్టదు.

ముందు: పెద్ద అక్షరాలు వదిలేసి చిన్న పేరు వెతకండి

ప్యాకెట్ ముందువైపు పెద్దగా కనిపించేది బ్రాండ్ పేరు, దాని గొప్పలు. మనకి కావాల్సింది ఆ పక్కనో కిందో చిన్నగా ఉండే అసలు పేరు. "పాశ్చరైజ్డ్ టోన్డ్ మిల్క్", "ప్రాసెస్డ్ చీజ్", "కెఫినేటెడ్ బెవరేజ్" లాంటివి. ఆ పదార్థం నిజంగా ఏ రకమో అక్కడ రాయడం తప్పనిసరి. ఎర్ర క్యాన్‌ని మా చెల్లి మామూలు కూల్‌డ్రింక్ అనుకుంది. దాని అసలు పేరు "కెఫినేటెడ్ బెవరేజ్" అని చదివాకే మాకు అనుమానం మొదలైంది.

అసలు పేరు చూశాక ప్యాకెట్ తిప్పి పదార్థాల జాబితాకి వెళ్లండి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర రాస్తారు. జాబితా కింద "కంటైన్స్" అని మొదలయ్యే ఒక లైను ఉంటుంది. అలర్జీ ఉన్నవాళ్ల కోసం పెట్టింది అది. పాలు, గుడ్డు ఉంటే అక్కడ విడిగా కనిపిస్తాయి కాబట్టి మనకీ పనికొస్తుంది. "మే కంటైన్" అని ఉంటే అదే ఫ్యాక్టరీలో ఆ పదార్థం కూడా వాడతారని, కాస్త కలిసి ఉండొచ్చని అర్థం. మనం చూస్తున్న విషయానికి దాంతో పెద్దగా పనిలేదు.

పాలు, చీజ్, పనీర్: "పాశ్చరైజ్డ్" అనే మాట ఉందా?

పచ్చి పాలల్లో ఉండే అవకాశమున్న సూక్ష్మజీవుల్లో గర్భిణులకి ఎక్కువ భయం లిస్టీరియాతో. ఫ్రిజ్‌లో పెడితే చాలా బ్యాక్టీరియా పెరగడం దాదాపు ఆగిపోతుంది. లిస్టీరియా మాత్రం ఆ చల్లదనంలోనూ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. మామూలు మనిషికి ఒళ్లు వెచ్చబడి తగ్గిపోయే జబ్బు, గర్భిణికి వస్తే మాయ దాటి బిడ్డను చేరుతుంది. గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టిన బిడ్డకి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అది ఉన్నంత మాత్రాన పాలు విరగవు, వాసన రావు, రుచి మారవు. అందుకే వాసన చూసి "బాగానే ఉంది" అనుకోవడం ఇక్కడ పనిచేయదు.

పాశ్చరైజ్ చేయడమంటే పాలని 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లో, 63 డిగ్రీల దగ్గర అరగంటో వేడి చేసి వెంటనే చల్లార్చడం. లిస్టీరియా చావడానికి అది చాలు. రోజూ వచ్చే పాల ప్యాకెట్ల మీద ఈ మాట దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మామూలు గదిలోనే నెలల తరబడి నిలవుండే టెట్రా ప్యాక్ పాల మీద "యూహెచ్‌టీ" అని ఉంటుంది, అది ఇంకా ఎక్కువ వేడి చేసినది కాబట్టి అదీ మంచిదే.

మోసపోయేది వేరే మాటల దగ్గర. "హోమోజెనైజ్డ్" అంటే పాలలో కొవ్వుని మీగడ కట్టకుండా చిన్న చిన్న కణాలుగా చేశారని మాత్రమే. దానికీ పాశ్చరైజ్ చేయడానికీ సంబంధం లేదు. "ఏ2", "దేశీ ఆవు", "ఆర్గానిక్", "ఫార్మ్ ఫ్రెష్" అన్నవి కూడా పాలని వేడి చేశారో లేదో చెప్పవు. గాజు సీసాలో పొద్దున్నే ఇంటికొచ్చే పాల మీద "ఎలాంటి ప్రాసెసింగ్ చేయలేదు" అని గర్వంగా రాసి ఉంటే, అవి పచ్చి పాలని మీరు అర్థం చేసుకోవాలి. భయపడి పారబోయక్కర్లేదు. పొంగు వచ్చేదాకా కాచితే సరిపోతుంది. మన ఇళ్లల్లో పాలు కాచకుండా తాగే అలవాటు, కాచకుండా తోడుపెట్టే అలవాటు లేకపోవడం నిజంగా మనకి పెద్ద రక్ష. కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగు, ఆ పెరుగు చిలికి తీసిన వెన్న హాయిగా తినండి. జున్ను కూడా ఆవిరి మీద గట్టిపడేదాకా బాగా ఉడికితే ఇబ్బంది లేదు. జాగ్రత్త పడాల్సింది ఆ పచ్చి పాలనే నేరుగా మిల్క్‌షేక్‌లోనో స్మూతీలోనో పోసేటప్పుడు. కుంకుమపువ్వు పాలైనా అంతే, ముందు కాచి, తర్వాత కుంకుమపువ్వు వేసుకోండి.

చీజ్ దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, చీజ్‌ని గానీ దాని పాలని గానీ వేడి చేశారా అని. అసలు పేరు "ప్రాసెస్డ్ చీజ్" అయితే మొదటి ప్రశ్నతోనే అయిపోతుంది. స్లైసులు, క్యూబులు, డబ్బాల్లో దొరికేవి చాలావరకు ఇవే. చీజ్‌ని మళ్లీ వేడితో కరిగించి అచ్చుపోస్తారు కాబట్టి గర్భిణులు తినొచ్చు. మా చెల్లి తీసిన డబ్బా ఇదే, అది ఇంటికొచ్చింది. ప్రాసెస్డ్ కాకపోతే పదార్థాల్లో "పాశ్చరైజ్డ్ మిల్క్" అని ఉందో లేదో చూడండి. "రా మిల్క్" అని ఉన్నా, ఏమీ రాయకపోయినా తీసుకోకండి.

రెండో ప్రశ్న, ఆ చీజ్ మెత్తగా ఉండి బూజు పట్టించిన రకమా అని. బ్రీ, కామెంబేర్, నీలి చారలుండే మెత్తటి బ్లూ చీజ్ ఈ కోవలోవి. వీటిలో తేమ ఎక్కువ, పులుపు తక్కువ. తయారయ్యాక ఎక్కడైనా లిస్టీరియా అంటుకుంటే పెరగడానికి బాగా అనువుగా ఉంటాయి. అందుకే ఇవి పాశ్చరైజ్డ్ పాలతో చేసినవైనా పచ్చిగా తినొద్దంటారు. పొగలు కక్కేంత వేడిగా వండినప్పుడు మాత్రం తినొచ్చు. అదే లెక్కన ఓవెన్‌లోంచి బుడగలు వస్తూ దిగిన పిజ్జా మీది మొజరెల్లాతో సమస్య లేదు.

పనీర్ గురించి ఎక్కువమంది అడుగుతారు. పాలని బాగా వేడి చేశాకే విరగ్గొడతారు కాబట్టి పనీర్ తయారీలో భయం తక్కువ. తర్వాత కోయడం, నీళ్లలో వేయడం, ప్యాక్ చేయడం దగ్గర మలినం అంటుకోవచ్చు. సీలు వేసిన ప్యాకెట్ కొనండి, గాలి పట్టి ఉబ్బినట్టున్నది వద్దు, ఇంటికొచ్చాక కూరలోనో పెనం మీదో లోపలిదాకా వేడెక్కనిచ్చి తినండి. సలాడ్ మీద పచ్చి పనీర్ తురుముకోవడం ఈ నెలల్లో మానేయండి. కొట్లో నీళ్ల తొట్టిలో తేలుతూ ఉండే విడి పనీర్ అయితే నేను అసలు కొనను.

గుడ్డు: గోధుమరంగు త్రిభుజంతో మొదలుపెట్టండి

పచ్చి గుడ్డుతో భయం సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా. జ్వరం, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోతుంది, గర్భిణికి అది మామూలు ఇబ్బంది కాదు. బాగా ఉడికించిన గుడ్డు రోజూ తినమని డాక్టర్లే చెబుతారు. గుడ్డు మంచిదే, పచ్చిగా ఉండటమే సమస్య. కొన్న వస్తువుల్లో అలాంటి గుడ్డు దాక్కునే చోట్లు మయొనైజ్, సీజర్ డ్రెస్సింగ్, టార్టార్ సాస్, టిరామిసు, మూస్.

మన దేశంలో దీన్ని పట్టుకోవడం తేలిక. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం గుడ్డున్న ప్యాకెట్ ఆహారం మాంసాహారం కిందికే వస్తుంది. కాబట్టి దాని మీద చదరంలో గోధుమరంగు త్రిభుజం ఉండాలి. పచ్చ చుక్క ఉంటే అందులో గుడ్డు లేదు. మయొనైజ్ సీసా తీసుకోగానే ఆ గుర్తు చూడండి. పచ్చ చుక్క, పక్కన "ఎగ్‌లెస్" అని ఉంటే గుడ్డు విషయం వదిలేయొచ్చు.

గోధుమరంగు త్రిభుజం గుడ్డు ఉందని చెబుతుంది గానీ అది ఎలాంటి గుడ్డో చెప్పదు. అందుకు పదార్థాల జాబితాకే వెళ్లాలి. "పాశ్చరైజ్డ్ ఎగ్ యోక్" అనో "పాశ్చరైజ్డ్ లిక్విడ్ ఎగ్" అనో ఉంటే పచ్చసొనని వేడితో శుభ్రం చేశాకే వాడారని అర్థం, అది తినొచ్చు. మా చెల్లి తీసిన సీసా మీద నూనె, నీళ్లు, వెనిగర్‌తో పాటు ఉత్తి "ఎగ్ యోక్" అని ఉంది. పాశ్చరైజ్డ్ అన్న మాట ఎక్కడా లేదు. వెనిగర్ పులుపు కొంత కాపాడుతుంది, పెద్ద కంపెనీలు సాధారణంగా శుభ్రం చేసిన గుడ్డే వాడతాయి కూడా. అయినా సీసా మీద రాయని దాన్ని ఊహించుకుని ఎందుకు తినాలి? పక్క వరసలోనే పచ్చ చుక్క సీసా ఉంది. అది తీసుకుని, మొదటిది మళ్లీ షెల్ఫ్‌లో పెట్టేశాం.

లేబుల్ లేని మయొనైజ్ సంగతి వేరు. షవర్మా బండి దగ్గర, మోమోల దగ్గర చిన్న కప్పులో ఇచ్చే తెల్ల సాస్ చాలాసార్లు అక్కడికక్కడే పచ్చి గుడ్డుతో గిలకొట్టినదే. 2024లో హైదరాబాద్‌లో ఇలాంటి తిండితో వచ్చిన ఫుడ్ పాయిజనింగ్ కేసుల తర్వాత, పచ్చి గుడ్డు మయొనైజ్‌ని అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. పాశ్చరైజ్డ్ గుడ్డుతో చేసినదానికి ఆ నిషేధం వర్తించలేదు. ప్రభుత్వం చూసిన తేడా, మీరు సీసా మీద వెతికే తేడా ఒకటే. బయట తినేటప్పుడు ఆ కప్పు పక్కన పెట్టేయండి.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి చిన్న మాట. అక్కడ గుడ్డు పెంకు మీద సింహం ముద్ర ఉంటే ఆ కోళ్లకి సాల్మొనెల్లా టీకా వేసి ఉంటారు. ఆ ముద్ర ఉన్న గుడ్లని గర్భిణులు సగం ఉడికినవైనా తినొచ్చని 2017 నుంచి అక్కడి అధికారులు చెబుతున్నారు. ఈ సడలింపు ఆ ముద్రకే, మన ఊరి గుడ్లకి వర్తించదు.

కెఫీన్: క్యాన్ కాదు, రోజంతా లెక్కపెట్టండి

పాలు, గుడ్డు విషయంలో ఉందా లేదా అని చూస్తే చాలు. కెఫీన్ అలా కాదు, కూడాలి. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో, కెఫీన్ ఒంట్లోంచి పోవడానికి మామూలు కంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. పైగా అది మాయ దాటి బిడ్డకి చేరుతుంది, బిడ్డకేమో దాన్ని అరిగించుకునే శక్తి లేదు. కెఫీన్ ఎక్కువైతే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుందని చెబుతారు. రోజుకి 300 మిల్లీగ్రాములు దాటి తాగేవాళ్లు తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. బ్రిటన్, అమెరికా డాక్టర్లు 200 దగ్గర ఆగమంటారు. నేను మా చెల్లికి 200 లెక్కే పెట్టాను.

ఇప్పుడు ఎర్ర క్యాన్ చూద్దాం. కెఫినేటెడ్ బెవరేజ్ మీద "హై కెఫీన్" అనీ, పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి తగదనీ రాయాలని మన దేశంలో నియమం ఉంది. క్యాన్ వెనక చాలా చిన్న అక్షరాల్లో ఆ వాక్యం దొరికింది. అది కనిపిస్తే ఇక లెక్క అక్కర్లేదు, వదిలేయండి. లెక్క కూడా చేసి చూపిస్తాను, ఎందుకంటే మిగతా డ్రింక్‌లకి అదే పద్ధతి. కెఫీన్ సంఖ్యని 100 మిల్లీలీటర్లకి ఇస్తారు. మా క్యాన్ మీద 100కి 30 మిల్లీగ్రాములని ఉంది, క్యాన్ మొత్తం 250. అంటే 30ని రెండున్నరతో హెచ్చిస్తే 75. చాలామంది ఆ 30 చూసి "తక్కువే కదా" అనుకుని క్యాన్ ఖాళీ చేస్తారు. పదార్థాల్లో "గ్వరానా" అని కనిపిస్తే అదీ కెఫీన్ ఉన్న గింజే.

కాఫీ పొడి ప్యాకెట్ మీద మాత్రం మిల్లీగ్రాములు దొరకవు. ఫిల్టర్ కాఫీ పొడి మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని ఉంటుంది. చికోరీలో కెఫీన్ ఉండదు. కాబట్టి కాఫీ శాతం ఎక్కువున్న పొడితో, అదే చిక్కదనంలో, కెఫీన్ కూడా ఎక్కువే వస్తుంది. ఎంతో తెలుసుకోవాలంటే మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన అంకెలు వాడుకోవచ్చు: 150 మిల్లీలీటర్ల కప్పులో డికాక్షన్ కాఫీ అయితే 80 నుంచి 120, ఇన్‌స్టంట్ అయితే 50 నుంచి 65, టీ అయితే 30 నుంచి 65 మిల్లీగ్రాములు. ముందు మీ గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో ఒకసారి కొలిచి చూడండి. మా ఇంట్లో స్టీలు గ్లాసు 150 అనుకుంటే 200 పట్టింది.

మా చెల్లి రోజు ఇలా ఉండేది. పొద్దున ఫిల్టర్ కాఫీ, పదకొండింటికి ఆఫీసులో ఇన్‌స్టంట్ కాఫీ, సాయంత్రం టీ. పై అంచు అంకెలే తీసుకుంటే 120, 65, 65, మొత్తం 250. అది కప్పుల లెక్క, గ్లాసు పెద్దదైతే ఇంకా పైకి పోతుంది. పొద్దున కాఫీ వదలలేనంది. సరే, దాన్ని ఉంచి ఆఫీసు కాఫీ మానేసింది. 185కి వచ్చింది. ఆ రోజు ఒక చిన్న కోలా తాగితే మళ్లీ మరో 30 దాకా చేరుతుంది, అప్పుడు సాయంత్రం టీ మానేయాలి. ఇలా ఒకటి పెడితే ఒకటి తీయాలి. ఇంకో సంగతి, ఐరన్ మాత్ర వేసుకున్నప్పుడు, అన్నం తిన్నప్పుడు ముందూ వెనకా గంట వరకు కాఫీ, టీ వద్దు. అవి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు.

తలనొప్పి మాత్రల షీటు వెనక కూడా ఓసారి చూడండి. పారాసిటమాల్‌తో పాటు కెఫీన్ కలిపినవి మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇస్తారు, మందు పేర్ల వరసలో "కెఫీన్" అని ఉంటుంది. కెఫీన్ ఒక్కటే కాదు, పక్కనున్న మిగతా మందులూ గర్భిణికి పడకపోవచ్చు. ఏ మాత్రైనా డాక్టర్ని అడిగే వేసుకోండి.

చివరగా తేదీ, నిల్వ ఎలా అన్న లైను

ఫ్రిజ్‌లో పెట్టి, వండకుండా తినే వాటికి గడువు తేదీ కచ్చితంగా చూడండి. లిస్టీరియా ఫ్రిజ్‌లోనూ పెరుగుతుందని చెప్పాను కదా, రోజులు గడిచే కొద్దీ దాని సంఖ్య పెరుగుతుంది. "మూత తీశాక ఇన్ని రోజుల్లో వాడండి" అనే లైను వేరే ఉంటుంది. గడువు తేదీ ఇంకా నెల ఉన్నా, మూత తీశాక ఈ రెండో లెక్కే నడుస్తుంది. మూత తీసిన తేదీ సీసా మీద పెన్నుతో రాసిపెట్టుకుంటే గందరగోళం ఉండదు. షాపులో చల్లగా ఉండాల్సిన సరుకు కరెంటు పోయిన ఫ్రిజ్‌లో వెచ్చగా కనిపిస్తే, లేబుల్ ఎంత బాగున్నా కొనకండి.

తెలియక ఏదైనా తినేశారనుకోండి. టెన్షన్ పడొద్దు, ఒక్కసారి తింటేనే జబ్బు రావడం అరుదు. ఏం తిన్నారో, ఏ తేదీన తిన్నారో రాసిపెట్టుకోండి, ప్యాకెట్ ఉంటే ఫోటో తీసుకోండి. లిస్టీరియా లక్షణాలు కొన్ని రోజుల్లోనే రావచ్చు, రెండు నెలల తర్వాతా రావచ్చు. ఆ లోపు జ్వరం, ఒళ్లునొప్పులు, చలి వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినట్టనిపించినా "వైరల్ జ్వరమేలే" అని ఇంట్లో ఉండిపోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఫలానా రోజు ఫలానాది తిన్నానని చెప్పండి. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష ఏది చేయించాలో డాక్టర్‌కి తెలుస్తుంది. లిస్టీరియా అని తేలితే యాంటీబయాటిక్స్‌తో వైద్యం ఉంది, ఎంత ముందు మొదలైతే బిడ్డకి అంత మంచిది.